బోరు మోటరు ప్రాజెక్టు: అసలు ఖర్చు ఎక్కడ దాక్కుంటుంది?

ఫోర్ టూ సెమిస్టర్ మొదలయ్యే నాటికి ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రతి బ్యాచ్ దగ్గరా ఒక కాయితం ఉంటుంది. ప్రాజెక్టుకు కావాల్సిన సామాన్లు, ఎదురుగా వాటి ధరలు, కింద కూడిక. కంట్రోలర్ బోర్డు, సెన్సర్లు, రిలే, వైర్లు అన్నీ కలిపితే రెండు వేలో, రెండున్నర వేలో తేలుతుంది. నలుగురికి పంచితే తలా ఆరు వందలు. ఇంట్లో కూడా అదే లెక్క చెబుతారు. మూడు నెలలు తిరిగి వైవా నాటికి చూసుకుంటే ఒక్కొక్కరి జేబులోంచి మూడు వేలకు పైగా వెళ్లిపోయి ఉంటుంది. ఎక్కడ పోయిందో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

ఎవరో మోసం చేసి తీసుకుపోయిన డబ్బు కాదది. కాలిపోయిన మాడ్యూల్ స్థానంలో కొన్న ఇంకోటి, తప్పుపడి మళ్లీ వేయించిన ప్రింటు, పని కాక రెండోసారి వెళ్లిన ఊరు... ఇవన్నీ కలిసి ఆ తేడా అవుతాయి. మొదటి కాయితంలో వీటికి చోటు ఉండదు. కాబట్టి ఒక ప్రాజెక్టును ముందుంచుకుని, ఏ పని రెండోసారి చేయాల్సి రావొచ్చో చూస్తూ లెక్క వేద్దాం.

కరీంనగర్‌లో ఈసీఈ చివరి సంవత్సరం చదివే ఒక బ్యాచ్ అనుకుందాం. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు. ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో ఒక రైతు బోరు ఉంది, అయిదు హెచ్‌పీ మోటరు. నేలలో తేమ ఎంతుందో సెన్సర్ చూస్తుంది. రైతు ఒక మిస్డ్ కాల్ ఇస్తే మోటరు ఆన్ అవుతుంది, తేమ సరిపడా చేరగానే దానంతటదే ఆగుతుంది. ఇదీ వాళ్ల మేజర్ ప్రాజెక్టు. ఇక్కడ చెప్పే ధరలన్నీ ఉజ్జాయింపు ధరలే. దుకాణాన్ని బట్టి, ఊరిని బట్టి పదో ఇరవయ్యో శాతం అటూఇటూ అవుతాయి.

కొనకముందే ఒకసారి పొలానికి

చాలా బ్యాచ్‌లు ముందు సామాను తెప్పించి, అంతా తయారయ్యాక పొలానికి వెళ్తాయి. ఈ వరసను తిరగేస్తేనే డబ్బు మిగులుతుంది. మొదటి ట్రిప్పులో చేతిలో ఫోను, నోటుపుస్తకం ఉంటే చాలు. అక్కడ చూడాల్సినవి మూడు.

మొదటిది సిగ్నల్. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువగా వాడే చవకైన జీఎస్ఎం మాడ్యూల్ సిమ్800ఎల్. నాలుగు వందల రూపాయల్లో దొరుకుతుంది కానీ అది 2జీ మీద మాత్రమే పనిచేస్తుంది. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి జియో సిమ్ అందులో వేస్తే ఎంతసేపు చూసినా నెట్‌వర్క్ పట్టదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లలో ఒకదాన్ని మామూలు ఫోనులో వేసి, సెట్టింగుల్లో 2జీ మాత్రమే అని పెట్టి, బోరు పక్కన నిలబడి కాల్ చేయాలి. కాల్ కలిస్తే ఆ మాడ్యూల్ కొనొచ్చు. కలవకపోతే 4జీ మాడ్యూల్ కొనాలి, దాని ధర వెయ్యి దాటే అవకాశం ఉంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇది చేయకుండా కొన్నవాళ్లు నాలుగు వందలు పోగొట్టుకుని, ఆ పైన వెయ్యి పెడతారు.

రెండోది స్టార్టరు. బ్లూ కలర్‌లో వచ్చే చిన్న రిలే బోర్డు మీద పది ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. అయిదు హెచ్‌పీ త్రీఫేజ్ మోటరు నడుస్తున్నప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి రిలే సరిపోతుందని కొందరు అనుకుంటారు. డైరెక్ట్ స్టార్టరుతో మోటరు మొదలయ్యే క్షణంలో అంతకు ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు ఆఫ్ చేయమన్నా మోటరు ఆగదు. అందుకే రిలే మోటరును నేరుగా నడపకూడదు, స్టార్టరులోని కాయిల్‌ను మాత్రమే నడపాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. వ్యవసాయ స్టార్టర్లలో కాయిల్ చాలాచోట్ల రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద ఉంటుంది. 250 వోల్టుల రిలే దానికీ పనికిరాదు. మధ్యలో 230 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న కాంటాక్టరు ఒకటి పెట్టాలి, దానికి ఏడు వందల దాకా అవుతుంది. స్టార్టరు కాయిల్ మీద వోల్టేజీ అచ్చువేసి ఉంటుంది. ఊళ్లో మోటర్లు చూసే ఎలక్ట్రీషియన్‌తో డబ్బా తెరిపించి ఫోటో తీసుకుంటే సరి.

మూడోది న్యూట్రల్ వైరు. విద్యార్థుల బోర్డుకు కావాల్సిన 12 వోల్టుల అడాప్టరు 230 వోల్టుల మీద నడుస్తుంది, దానికి న్యూట్రల్ ఉండాలి. కొన్ని బోర్ల దగ్గరికి మూడు ఫేజులే వస్తాయి. అలాంటి చోట 415ను 230కి దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అదనపు ఖర్చు. ఈ సంగతి మొదటి రోజే తెలిస్తే బడ్జెట్‌లో ఒక వరస పెరుగుతుంది. డెమో ముందు రోజు తెలిస్తే ప్రాజెక్టు ఆగుతుంది.

సామాన్లు: ఏది రెండు కొనాలి?

ఒక్కొక్కటే కొంటే లెక్క ఇలా ఉంటుంది. ఈఎస్‌పీ32 బోర్డు 450, జీఎస్ఎం మాడ్యూల్ 400, కెపాసిటివ్ తేమ సెన్సర్లు రెండు 200, రిలే బోర్డు 120. అడాప్టరు, వోల్టేజీ దించే బక్ కన్వర్టరు, కెపాసిటర్లు కలిపి 370. బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, జీరో పీసీబీ, సోల్డరింగ్ సామాను 500. వాన నీళ్లు చొరబడని ప్లాస్టిక్ డబ్బా 300. మొత్తం 2,340. మొదట్లో చెప్పుకున్న కాయితం మీది అంకె ఇదే.

ఇందులో అన్నిటికీ స్పేర్ అక్కర్లేదు. డబ్బా కాలిపోదు, వైర్లు తెగితే అతికించుకోవచ్చు. ఏవి పోతాయో తెలిసినవాళ్లు వాటినే రెండు తీసుకుంటారు.

ముందు చెప్పుకోవాల్సింది జీఎస్ఎం మాడ్యూల్ గురించే. దానికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య కరెంటు ఇవ్వాలి. అయిదు వోల్టులు ఇస్తే చచ్చిపోవచ్చు, 3.3 ఇస్తే సరిగ్గా లేవదు. పైగా టవర్‌తో మాట్లాడే క్షణంలో రెండు ఆంపియర్ల దాకా గుంజుతుంది. ఆ గుంజుడు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. మల్టీమీటరు పెట్టి చూస్తే నాలుగు వోల్టులు నిలకడగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి మాడ్యూల్ రీసెట్ అవుతుంది. విద్యార్థులు మాడ్యూల్ పాడైందనుకుని రెండోది, మూడోది కొంటారు. అసలు లోపం సప్లైలో ఉంటుంది.

దీన్ని కనిపెట్టడానికి మాడ్యూల్ మీది చిన్న లైటే చాలు. నెట్‌వర్క్ వెతుకుతున్నప్పుడు సెకనుకోసారి మిణుకుమంటుంది. పట్టుకున్నాక మూడు సెకన్లకోసారి. మూడు సెకన్ల లయలోకి వచ్చిన లైటు, కాల్ రాగానే మళ్లీ సెకను లయలోకి జారిపోతే అది రీసెట్ అయిందని అర్థం. కాలేజీ ల్యాబులో ఆసిలోస్కోపు పెట్టి చూస్తే పడిపోతున్న వోల్టేజీ కంటికి కనిపిస్తుంది. బక్ కన్వర్టరును నాలుగు వోల్టులకు సర్ది, మాడ్యూల్ కాళ్లకు దగ్గరగా వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టి, సన్నని జంపర్ వైర్లకు బదులు కాస్త లావు వైరు వేస్తే చాలాసార్లు ఇబ్బంది తీరుతుంది. నలభై రూపాయల్లోపు పని. ఇంకో మాడ్యూల్ కొనే ముందు సీరియల్ మానిటర్‌లో ఈ రెండు కమాండ్లు ఇచ్చి చూడాలి:

```
AT+CSQ
AT+CREG?
```

మొదటిది సిగ్నల్ బలం చెబుతుంది. 0 నుంచి 31 వరకు అంకె వస్తుంది, పది లోపుంటే బలహీనం, 99 వస్తే అసలు తెలియడం లేదని. రెండోదానికి జవాబులో 0,1 వస్తే సిమ్ సొంత నెట్‌వర్క్‌లో నమోదైనట్టు. ఇవి సరిగ్గా వస్తుంటే మాడ్యూల్ బతికే ఉంది, డబ్బులు జేబులోనే ఉంచుకోవచ్చు.

తేమ సెన్సర్ సంగతి వేరు. మట్టిలో దిగే పలక బాగానే ఉంటుంది కానీ పైభాగంలోని చిన్న చిన్న పార్టులకు, పలక అంచులకు నీటి నుంచి రక్షణ ఉండదు. ఒక తడి పెట్టేసరికి రీడింగ్ ఎప్పుడూ తడిగానే ఉందని చూపించడం, లేదా ఇష్టమొచ్చినట్టు ఎగరడం మొదలవుతుంది. అంచులకు నెయిల్ పాలిష్ రెండు పూతలు వేసి, పైభాగానికి హీట్ ష్రింక్ ట్యూబు తొడిగితే ఎక్కువ రోజులు నిలుస్తుంది. అయినా రెండు అదనంగా ఉంచుకోవడమే మంచిది.

కంట్రోలర్ బోర్డు ఒకటి, జీఎస్ఎం మాడ్యూల్ ఒకటి, సెన్సర్లు రెండు, బక్ కన్వర్టరు ఒకటి స్పేర్‌గా తీసుకుంటే 1,130 పెరుగుతుంది. కొరియరుకు 160 కలిపితే సామాన్ల పద్దు 3,630 దగ్గర ఆగుతుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కార్టులో చివరి అంకె చూసే లెక్క రాసుకోవాలి. కొన్ని సైట్లలో ముందు కనిపించే ధరలో 18 శాతం జీఎస్టీ కలిపి ఉండదు.

టెస్టింగ్‌కూ డబ్బు కావాలి

విద్యార్థుల బడ్జెట్లలో దాదాపుగా కనిపించని పద్దు ఇది. ల్యాబులో చేసే పరీక్షలు చాలావరకు ఉచితమే, అడగడం తెలిస్తే. తేమ సెన్సర్ ఇచ్చే అంకె వట్టి అంకె, అది ఎంత శాతం తేమో దానికదే చెప్పదు. ఆ సంగతి తేల్చడానికి సివిల్ డిపార్టుమెంటు మట్టి ల్యాబులో హాట్ ఎయిర్ ఓవెన్ ఉంటుంది. పొలం మట్టి తెచ్చి, సెన్సర్ రీడింగ్ రాసుకుని, ఆ మట్టిని తూచి, 105 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఆరబెట్టి మళ్లీ తూచాలి. తడి మట్టి 120 గ్రాములు ఉండి, ఆరాక 100 అయితే పోయిన 20 గ్రాములు నీరు. ఆరిన బరువు మీద లెక్కేస్తే 20 శాతం తేమ. ఇలా వేర్వేరు తడిలో నాలుగైదు నమూనాలు చేస్తే సెన్సర్ అంకెకు, నిజమైన తేమకు మధ్య ఒక గీత దొరుకుతుంది. ఎర్రమట్టికి వేసిన గీత నల్లరేగడికి పనికిరాదు. రేగడి ఆరి పగుళ్లు వేస్తే సెన్సర్‌కు, మట్టికి మధ్య గాలి చేరి, లోపల తేమ ఉన్నా పొడిగా ఉందని చూపిస్తుంది. వైవాలో ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. దీని జవాబుకు అయ్యే ఖర్చు సున్నా.

ఖర్చయ్యేవి వేరే ఉన్నాయి. సిమ్ వ్యాలిడిటీ నిలబెట్టడానికి నెలకు రెండు వందల చొప్పున మూడు నెలలకు 600. ఎస్ఎంఎస్‌లకు బదులు మిస్డ్ కాల్ పద్ధతి పెట్టుకుంటే ఇంతకుమించి కాదు. ముందు బల్బు మీద, తర్వాత కాంటాక్టరు మీద పరీక్షించడానికి బల్బులు, హోల్డరు, వైరు 200. కాంటాక్టరు 700. పొలంలో స్టార్టరుకు కనెక్షన్ ఇచ్చే ఎలక్ట్రీషియన్‌కు రెండు సార్లకు వెయ్యి. ఈ వెయ్యిని మిగుల్చుకోవాలని ఎవరూ చూడకూడదు. 415 వోల్టుల డబ్బాలో విద్యార్థులు చేయి పెట్టే పని కాదిది. టెస్టింగ్ పద్దు మొత్తం 2,500.

సామాన్లతో పోటీపడే కాయితం

రిపోర్టు డెబ్బై పేజీలు, కాపీలు ఆరు అనుకుందాం. నలుగురికీ ఒక్కొక్కటి, డిపార్టుమెంటుకు ఒకటి, గైడుకు ఒకటి. నలుపు తెలుపు పేజీ రెండు రూపాయలు, కలర్ పది, రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలతో హార్డ్ బైండింగ్ రెండు వందలు. అన్ని పేజీలూ కలర్‌లో తీస్తే కాపీ 900, ఆరు కాపీలు 5,400. సర్క్యూట్ బొమ్మలు, గ్రాఫులు, ఫోటోలు ఉన్న పదిహేను పేజీలే కలర్‌లో తీసి మిగతా యాభై అయిదూ నలుపు తెలుపులో తీస్తే కాపీ 460, ఆరింటికి 2,760. బ్లాక్ డయాగ్రమ్‌ను మొదటినుంచీ నలుపు గీతలతోనే గీసుకుంటే కలర్ పేజీలు ఇంకా తగ్గుతాయి.

ప్రింటింగ్‌లో డబ్బు పోయేది మాత్రం రేటు వల్ల కాదు, మళ్లీ వేయించడం వల్ల. సర్టిఫికెట్ పేజీలో ఒక హాల్ టికెట్ నంబరు తప్పుపడితే హార్డ్ బైండింగ్ విప్పి ఆ పేజీ ఒక్కటే మార్చడం కుదరదు. కాబట్టి ముందు నలుపు తెలుపులో రెండు స్పైరల్ కాపీలు తీసి, ఒకటి గైడుకు, ఒకటి హెచ్‌ఓడీకి ఇవ్వాలి. కాపీ 180 చొప్పున 360 అవుతుంది. పేర్లు, హోదాలు, నంబర్లు, విద్యాసంవత్సరం ఉన్న మొదటి పేజీలను నలుగురూ విడివిడిగా చదవాలి. దిద్దుబాట్లన్నీ చేశాక గైడు సరేనని సంతకం పెట్టిన తర్వాతే బైండింగ్ షాపుకు వెళ్లాలి. రిపోర్టులు గడువు ముందు రోజు ఇస్తే షాపులో అర్జెంటు రేటు అడుగుతారు, వారం ముందే ఇస్తే ఆ బెడద ఉండదు. ఎక్స్‌పోలో పెట్టే నాలుగడుగుల ఫ్లెక్సీ పోస్టరు మరో 180. ప్రింటింగ్ పద్దు 3,300. స్పేర్లతో కలిపి కొన్న సామాన్లకు దాదాపు అంతే అయింది.

దారి ఖర్చులు

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ సామాన్లకు పేరున్న చోటు. చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు, అప్పుడే కావాల్సిన కెపాసిటరు అయిదు రూపాయలకు దొరుకుతుంది. కరీంనగర్ నుంచి వెళ్లి రావడానికి మాత్రం ఒక మనిషికి బస్సు చార్జీలే అయిదు వందల దాకా అవుతాయి. జాబితాలో రెండు వస్తువులే ఉంటే కొరియరే చవక. జాబితా అంతా సిద్ధమయ్యాక ఒక్కసారి వెళ్తే ప్రయాణం గిట్టుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం అమల్లో ఉంది. బ్యాచ్‌లోని అమ్మాయిలు గుర్తింపు కార్డు వెంట పెట్టుకుంటే వాళ్ల బస్సు చార్జీ వరస సున్నా అవుతుంది. కోఠికి ఒకమ్మాయి, ఒకబ్బాయి వెళ్లొస్తే సిటీ బస్సు, భోజనాలతో కలిపి 800. ఊరికి నలుగురూ నాలుగు సార్లు వెళ్తే ఇద్దరబ్బాయిల బస్సు చార్జీలు 800, బస్టాపు నుంచి పొలందాకా షేర్ ఆటోలు 640. ప్రయాణాల మొత్తం 2,240.

ట్రిప్పు వృథా అయ్యేది ఎక్కువగా కరెంటు వల్లే. త్రీఫేజ్ లేని సమయానికి చేరుకుంటే డబ్బా పట్టుకుని చెట్టు కింద కూర్చోవాల్సిందే. బయల్దేరే ముందు రైతుకు ఫోను చేసి అడగాలి. ఆయన కూడా ఒక ప్రశ్న అడుగుతాడు. "సిగ్నల్ లేనప్పుడు మోటరు ఎట్ల బంద్ చేయాలె బిడ్డా?" దానికి జవాబుగా పాత స్టార్టరు బటన్లు ఎప్పటిలాగే పనిచేసేలా వైరింగ్ ఉంచాలి. ఆ పనికి అదనంగా పైసా పడదు, అది లేకపోతే ఏ రైతూ ఆ డబ్బాను వారం దాటి ఉంచుకోడు.

కూడిక

సామాన్లు 3,630, టెస్టింగ్ 2,500, ప్రింటింగ్ 3,300, ప్రయాణాలు 2,240. మొత్తం 11,670. అనుకోనివాటికి పదిహేను శాతం, అంటే 1,750 పక్కన పెడితే 13,420. తలా 3,355. మొదటి కాయితంలో కనిపించిన 2,340 ఇందులో ఆరో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

ఈ డబ్బంతా ఒకేసారి వసూలు చేయకూడదు. మొదటి రివ్యూ నాటికి తలా వెయ్యి తీసుకుని, పొలం చూసివచ్చి, జీఎస్ఎం మాడ్యూలు, దాని సప్లై మాత్రం కొని పనిచేయించాలి. ప్రాజెక్టులో అన్నిటికన్నా గట్టి చిక్కు అక్కడే ఉంది. అది కుదిరాకే మిగతా సామాన్లు కొనాలి. కుదరకపోతే ఏడెనిమిది వందలు ఖర్చయ్యేలోపే టైటిల్ మార్చుకునే వీలుంటుంది. ప్రింటింగ్ డబ్బు చివరి నెలలో వసూలు చేసినా చాలు, కానీ అంత వస్తుందని మొదటి రోజే ఇళ్లలో చెప్పాలి. ఒకరే ఖాతా చూసుకుని, ప్రతి బిల్లునూ ఫోటో తీసి గ్రూపులో పెడితే చివర్లో తగవులుండవు. పెట్టె చేయడం, త్రీడీ ప్రింటింగ్ లాంటి పనులున్నవాళ్లు విడిగా యంత్రాల కోసం వెతికే ముందు కాలేజీ వర్క్‌షాపును, హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్‌ను అడిగి చూడొచ్చు.

తయారైన ప్రాజెక్టు డబ్బా, రిపోర్టుతో సహా కొనుక్కోవడానికి ప్రాజెక్టు సెంటర్లు ఉన్నాయి. పైన వేసిన లెక్క చూసి, ఇంత తిరుగుడు ఎందుకు, అదే డబ్బు పెట్టి కొనేద్దాం అనిపించవచ్చు. కొన్న డబ్బాతో లైటు ఎందుకు సెకనుకోసారి మిణుకుతోందో తెలియదు, రేగడి మట్టికి రీడింగ్ ఎందుకు తప్పుతోందో తెలియదు. ఆ రెండూ తెలుసుకోవడానికే ఈ ప్రాజెక్టు సిలబస్‌లో ఉంది. కొన్నవాడికి డబ్బూ పోతుంది, చదువూ పోతుంది.

డిపార్టుమెంట్లు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి రిపోర్టు చివర ఒక ఖర్చుల పేజీని తప్పనిసరి చేయాలి. ఏ వస్తువు ఎంతకు కొన్నారు, ఏది కాలింది, ఎందుకు కాలింది, ఏ ట్రిప్పు వృథా అయింది, రాయించాలి. రిపోర్టు కాపీలు ఎలాగూ డిపార్టుమెంటు అల్మరాలో ఉంటాయి. వచ్చే ఏడాది జూనియర్లు టైటిల్ ఎంచుకునే ముందు ఆ పేజీ చదివేలా చూడండి.